ఈసీలో పాత తనఖా ఎంట్రీ ఉంటే ఎలా చదవాలి? లోన్ నిజంగా తీరిందో లేదో ఎలా తేల్చుకోవాలి?

ప్రశ్న: హైదరాబాద్ శివార్లలో 200 గజాల స్థలంలో పాత ఇల్లు కొనాలనుకుంటున్నాం. ఓనర్ ఇచ్చిన ఈసీలో, అంటే ఎన్‌కంబరెన్స్ సర్టిఫికెట్‌లో, ఆరు ఎంట్రీలున్నాయి. 1996లో సేల్ డీడ్, 2004లో ఇంకో సేల్ డీడ్, 2009లో బ్యాంకుకు 12 లక్షలకు డిపాజిట్ ఆఫ్ టైటిల్ డీడ్స్, 2014లో అదే బ్యాంకుకు 8 లక్షలకు మళ్లీ అదే, 2019లో బ్యాంకు రిలీజ్, 2021లో తండ్రి నుంచి కొడుక్కి గిఫ్ట్. ఇప్పుడు అమ్ముతున్నది ఆ కొడుకే. "లోన్ అంతా 2019లోనే తీర్చేశాం, ఈసీలో పాతవి అలాగే కనిపిస్తాయండీ" అంటున్నారు. నిజమేనా? అడ్వాన్స్ ఇవ్వొచ్చా?

సమాధానం:

బ్యాంకుల తరఫున టైటిల్ పరిశీలించి లీగల్ ఒపీనియన్లు రాయడం నా వృత్తి. ముందు సూటిగా జవాబు చెప్తాను. పాత ఎంట్రీలు ఈసీలో అలాగే ఉంటాయన్న మాట నిజం. డిపాజిట్ ఆఫ్ టైటిల్ డీడ్స్ అంటే ఒరిజినల్ కాగితాలు బ్యాంకు చేతిలో పెట్టి చేసే తనఖాయే. అలా మీ ఈసీలో తనఖాలు రెండున్నాయి, రిలీజ్ ఒక్కటే ఉంది. ఆ రిలీజ్ దేనికి ఇచ్చారో తేలేదాకా 2014 నాటి 8 లక్షల తనఖా బతికే ఉందని అనుకోవాలి. అప్పటిదాకా అడ్వాన్స్ ఇవ్వకండి.

ఈసీ అంటే ఏమిటో కాస్త తెలిస్తే మిగతాదంతా సులువుగా అర్థమవుతుంది. 1908 నాటి రిజిస్ట్రేషన్ చట్టం ప్రకారం సబ్‌రిజిస్ట్రార్ ఆఫీసులో స్థిరాస్తికి సంబంధించిన దస్తావేజులను ఒకటో పుస్తకంలో ఎక్కిస్తారు. జనం బుక్ వన్ అంటారు. ఆ పుస్తకానికి ఆస్తి వివరాలను బట్టి వెతుక్కునే సూచిక ఒకటి ఉంటుంది. మీరు ఫలానా సర్వే నంబరు, ఫలానా ప్లాటు, ఫలానా తేదీ నుంచి ఫలానా తేదీ దాకా అని అడిగితే, ఆ సూచికలో దొరికిన దస్తావేజుల జాబితా తీసి ఇస్తారు. ఈసీ అంటే ఆ జాబితానే. ఈ ఆస్తి మీద ఇవాళ ఎంత అప్పుందో ఆ ఆఫీసుకు తెలియదు, తెలుసుకునే బాధ్యతా దానికి లేదు. అప్పు పుట్టినప్పుడు ఒక దస్తావేజు వచ్చింది కాబట్టి ఒక ఎంట్రీ పడింది. తీరినప్పుడు ఇంకో దస్తావేజు వస్తే ఇంకో ఎంట్రీ పడుతుంది. రెండోది వచ్చింది కదా అని మొదటిదాన్ని కొట్టెయ్యరు. అందుకే నలభై ఏళ్ల కిందట తీరిపోయిన తనఖా కూడా ఈసీలో కనిపిస్తూనే ఉంటుంది. తీరిందా లేదా అన్నది మనమే ఎంట్రీకి ఎంట్రీ జోడించుకుని తేల్చుకోవాలి.

ఇక మీ నాలుగు, ఐదు ఎంట్రీలు. ప్రింటవుట్‌లో అవి దాదాపు ఇలా ఉంటాయి. నమూనా కోసం కుదించి, నంబర్లూ తేదీలూ నేనే పెట్టాను. మీ దగ్గరున్న కాగితంతో పోల్చి చూసుకోండి.

```
4  SURVEY: 118  PLOT: 47  EXTENT: 200 SQ.Yds
   (R) 23-06-2014 (E) 23-06-2014 (P) 23-06-2014
   Deposit of Title Deeds  Cons.Value:Rs. 800000
   1.(MR) ...   2.(ME) ... BANK
   2933/2014    Link Doct: 3870/2004

5  SURVEY: 118  PLOT: 47  EXTENT: 200 SQ.Yds
   (R) 19-08-2019 (E) 16-08-2019 (P) 19-08-2019
   Release  Cons.Value:Rs. 1200000
   1.(RR) ... BANK   2.(RE) ...
   7461/2019    Link Doct: 5120/2009
```

చాలామంది ఇందులో పేర్లూ తేదీలూ చూసి ఊరుకుంటారు. అసలు సంగతి పేర్ల ముందున్న రెండక్షరాల్లోనూ, చివర్లో ఉన్న లింక్ డాక్యుమెంట్ నంబర్లోనూ ఉంటుంది. MR అంటే ఆస్తిని తనఖా పెట్టినవాడు, ME అంటే తనఖా పట్టినవాడు. RR హక్కు వదులుకున్నవాడు, RE ఆ విడుదల పొందినవాడు. సేల్ డీడ్ అయితే రాసిచ్చినవాడి ముందు EX అనీ, రాయించుకున్నవాడి ముందు CL అనీ ఉంటుంది. రిలీజ్ ఎంట్రీలో బ్యాంకు RR వైపు ఉండాలి. అన్నదమ్ముల్లో ఒకరు తన వాటా ఇంకొకరికి వదులుకున్నా దాన్నీ రిలీజ్ అనే అంటారు కాబట్టి, రిలీజ్ అన్న మాట కనిపించగానే లోన్ తీరిందనుకోకూడదు. ఎవరు ఎవరికి వదులుకున్నారో చూడాలి.

తర్వాత లింక్ నంబరు చూడండి. పై నమూనాలో 2019 రిలీజ్ 5120/2009ని చూపిస్తోంది. అంటే 2009 నాటి 12 లక్షల తనఖాకు అది జోడీ. మొత్తం కూడా 12 లక్షలే. 2933/2014కి జోడీ ఎక్కడా లేదు. మీ ఈసీలో కూడా ఇలాగే ఉంటే మూడు రకాలుగా జరిగి ఉండొచ్చు. మొదటిది, 2014లో పాత లోన్ మీద అదనంగా ఇచ్చే టాప్-అప్ లోన్ తీసుకున్నారు, 2019 నాటికి పాత హోమ్ లోన్ మాత్రం తీరింది, టాప్-అప్ ఇంకా నడుస్తోంది. రెండోది, రెండూ తీరాయి, బ్యాంకువాళ్లు ఒకే డీడ్‌లో రెండింటినీ విడుదల చేశారు, ఆఫీసులో డేటా ఎక్కించేటప్పుడు లింక్ ఒక్కటే కొట్టారు. మూడోది, రెండూ తీరాయి గానీ డీడ్ రాసినవాళ్లు 2014 సంగతి మర్చిపోయారు. మూడూ నా దగ్గరికి వచ్చే ఫైళ్లలో కనిపించేవే. ఈసీ మాత్రం ఈ మూడింట్లోనూ ఒకేలా ఉంటుంది. అందుకే ఇక్కడితో ఈసీని పక్కనపెట్టి దస్తావేజుల దగ్గరికి వెళ్లాలి.

సబ్‌రిజిస్ట్రార్ ఆఫీసులో 2014 డీడ్‌కీ 2019 డీడ్‌కీ సర్టిఫైడ్ కాపీలు తీసుకోండి. ఒకటో పుస్తకంలో ఉన్న దస్తావేజుల కాపీలు ఫీజు కట్టి ఎవరైనా తీసుకోవచ్చు, ఓనర్ అనుమతి అక్కర్లేదు. కాగితాలు డిపాజిట్ చేసినట్టు రాసుకునే పత్రాన్ని మెమొరాండం అంటారు. రిలీజ్ డీడ్‌లో చూడాల్సిన పేరా ఒక్కటే: ఏ తేదీ, ఏ నంబరు మెమొరాండం కింద పెట్టిన తనఖాను విడుదల చేస్తున్నామని రాశారు? అక్కడ 2009, 2014 రెండు నంబర్లూ ఉంటే లింక్ కొట్టడంలో జరిగిన లోపమే, మీ పని చాలావరకు తేలికైనట్టే. 2009 ఒక్కటే ఉంటే 2014 తనఖా రికార్డులో తెరిచే ఉంది. 2014 డీడ్‌లో ఇంకో సంగతి చూడండి. ఏయే ఒరిజినల్స్ బ్యాంకులో పెట్టారో అందులో జాబితా ఉంటుంది. టాప్-అప్ అయితే కొత్తగా కాగితాలేమీ పెట్టరు. ముందే బ్యాంకులో ఉన్న 2004 సేల్ డీడ్‌నే ఈ రెండో అప్పుకు కూడా హామీగా ఉంచుతున్నామని రాస్తారు. అలా రాసి ఉంటే, టాప్-అప్ తీరేదాకా 2004 ఒరిజినల్ బ్యాంకు బయటికి రాకూడదు. కాబట్టి ఓనర్‌ని ఒక్కటే అడగండి: 2004 ఒరిజినల్ సేల్ డీడ్ చూపిస్తారా? తీసి చూపిస్తే సగం అనుమానం తీరుతుంది. కలర్ జిరాక్స్, సర్టిఫైడ్ కాపీ, "లాకర్లో ఉంది, రిజిస్ట్రేషన్ రోజు తెస్తాం" ఇలాంటివి వస్తే అక్కడే ఆగిపోండి.

ఒరిజినల్ చూపించినప్పుడు కూడా కాగితాన్ని చేతిలోకి తీసుకుని చూడండి. సబ్‌రిజిస్ట్రార్ సంతకాలు, ఆఫీసు ముద్రలు, వెనకవైపు ఎండార్స్‌మెంట్లు, స్టాంపు పేపరు కొన్న తేదీ, ఇవన్నీ మీరు తీసుకున్న సర్టిఫైడ్ కాపీతో పోల్చండి. ఒరిజినల్ పోయిందంటూ పోలీసు కంప్లైంట్ కాగితం, పత్రికా ప్రకటన చూపించేవాళ్లూ ఉంటారు. నిజంగా పోయినవీ ఉంటాయి. కానీ ఈసీలో జోడీ లేని తనఖా ఒకటి ఉండి, దానికి తోడు ఒరిజినల్ కూడా పోయిందంటే, ఆ ఒరిజినల్ బ్యాంకు స్ట్రాంగ్ రూమ్‌లో ఉందనుకుని వాకబు మొదలుపెట్టడమే క్షేమం.

బ్యాంకు దగ్గర్నుంచి ఓనర్ చేత తెప్పించాల్సినవి రెండు. ఒకటి, 2014 లోన్ అకౌంట్ నంబరు వేసి, ఆ అకౌంట్ మూసేశామని రాసిన నో డ్యూ లెటర్. 'ఫలానా వారికి మా బ్రాంచిలో బకాయిలు లేవు' అని పైపైన రాసిన లెటర్ చాలదు, ఎందుకంటే లోన్ ఆ బ్రాంచి నుంచి ప్రాసెసింగ్ సెంటర్‌కో రికవరీ విభాగానికో మారి ఉండొచ్చు. రెండోది, ఏయే ఒరిజినల్స్ ఏ తేదీన ఎవరికి తిరిగి ఇచ్చారో రాసిన రసీదు. లోన్ నిజంగానే తీరి, 2014 తనఖాకు రిలీజ్ డీడ్ మాత్రం రిజిస్టర్ కాకపోతే, అది బ్యాంకు చేత చేయించాల్సిన పని. ఆర్‌బీఐ 2023 సెప్టెంబర్ 13న ఇచ్చిన ఆదేశం ప్రకారం అప్పు పూర్తిగా తీరిన 30 రోజుల్లోగా ఒరిజినల్స్ తిరిగివ్వాలి, రిజిస్ట్రీలో నమోదైన చార్జీ కూడా తొలగింపజేయాలి. ఆలస్యం బ్యాంకువల్లే జరిగితే రోజుకు 5,000 రూపాయల చొప్పున పరిహారం కట్టాలి. ఈ ఆదేశం 2023 డిసెంబర్ 1 నుంచి తిరిగివ్వాల్సిన కాగితాలకు వర్తిస్తుంది. అంటే 2019లోనే తీరిన లోన్‌కు ఆ పరిహారం నిబంధన పట్టకపోవచ్చు. అయినా రిలీజ్ డీడ్ అడిగే హక్కు ఓనర్‌కు ఎప్పుడూ ఉంటుంది.

పేరు తేడా దగ్గర తడబడవద్దు. తనఖా పట్టిన బ్యాంకు పేరు ఒకటి, రిలీజ్ ఇచ్చిన బ్యాంకు పేరు ఇంకొకటి కనిపిస్తే ముందు విలీనాలు గుర్తు తెచ్చుకోండి. స్టేట్ బ్యాంక్ ఆఫ్ హైదరాబాద్ 2017 ఏప్రిల్ 1న ఎస్‌బీఐలో కలిసింది. ఆంధ్రా బ్యాంకు 2020 ఏప్రిల్ 1న యూనియన్ బ్యాంకులో, సిండికేట్ బ్యాంకు అదే రోజు కెనరా బ్యాంకులో కలిశాయి. 2009లో ఆంధ్రా బ్యాంకు పట్టిన తనఖాకు 2022లో యూనియన్ బ్యాంకు రిలీజ్ ఇస్తే అది సరైన రిలీజే. అదే 2022లో ఆంధ్రా బ్యాంకు పేరుతోనే రిలీజ్ డీడ్ కనిపిస్తే మాత్రం గట్టిగా అనుమానించాలి.

"2009 నాటి తనఖా కదా, 12 ఏళ్లు దాటిపోయింది, ఇక చెల్లదు" అనే మాట మీకు ఎవరో ఒకరు తప్పకుండా చెప్తారు. 1963 నాటి లిమిటేషన్ చట్టంలో తనఖా సొమ్ము వసూలుకు 12 ఏళ్ల గడువు ఉన్నమాట నిజమే. కానీ ఆ గడువు ఈసీలో కనిపించే తేదీ నుంచి మొదలవదు, సొమ్ము కట్టాల్సిన రోజు నుంచి మొదలవుతుంది. హోమ్ లోన్ పదిహేనేళ్లకో ఇరవై ఏళ్లకో ఇస్తారు. పైగా గడువులోపు అప్పున్నట్టు సంతకంతో ఒప్పుకున్నా, కొంత సొమ్ము కట్టినా లెక్క మళ్లీ మొదటికొస్తుంది. బయటివాళ్లం ఈసీ చూసి ఆ లెక్క కట్టలేం. ఏళ్లు గడిచాయన్న కారణంతో ఏ బ్యాంకు ప్యానెల్ లాయరూ తనఖా ఎంట్రీని వదిలెయ్యడు, మీరూ వదలకండి. 1980ల నాటి తనఖా ఏ ప్రైవేటు వ్యక్తి పేరునో ఉండి, ఆయన చనిపోయి, వారసులు ఎక్కడున్నారో తెలియని కేసుల్లో మాత్రం ఆ గడువు వాదన పనికొస్తుంది. అది కూడా లాయరు ఆ తనఖా దస్తావేజు చదివాకే.

ఇప్పటిదాకా ఈసీలో ఉన్నదాని గురించి చెప్పాను. లేనిదాని గురించి కూడా అంతే శ్రద్ధ పెట్టాలి.

1882 నాటి ఆస్తి బదిలీ చట్టం ప్రకారం 100 రూపాయలు, అంతకు మించిన అప్పుకు రాసే మామూలు తనఖా దస్తావేజు రిజిస్టర్ కావాల్సిందే. టైటిల్ డీడ్స్ డిపాజిట్ చేసి పెట్టే తనఖాకు ఆ నిబంధన లేదు. ఒరిజినల్ కాగితాలు హామీగా బ్యాంకు చేతిలో పెడితే చాలు, తనఖా ఏర్పడిపోతుంది. తర్వాత రాసుకునే మెమొరాండం కేవలం జరిగినదాన్ని నమోదు చేసే కాగితమైతే దానికి రిజిస్ట్రేషన్ తప్పనిసరి కాదు. ఇక్కడ చాలా బ్యాంకులు ఆ మెమొరాండంను రిజిస్టర్ చేయిస్తాయి కాబట్టే మీ ఈసీలో 2009, 2014 ఎంట్రీలు కనిపించాయి. చేయించకపోతే ఈసీ శుభ్రంగా వస్తుంది, అప్పు మాత్రం ఆస్తి మీద ఉంటుంది. కొన్నవాడు ఆ అప్పుతో సహా కొన్నట్టే. బ్యాంకుల మొండి బకాయిల వసూలుకు తెచ్చిన సర్ఫేసీ చట్టం కింద బ్యాంకు 60 రోజుల నోటీసు ఇచ్చి, సివిల్ కోర్టులో దావా వెయ్యకుండానే ఆస్తిని స్వాధీనం చేసుకునే వీలుంది.

ఆ ఖాళీ పూడ్చడానికే సెర్సాయ్ అనే కేంద్ర రిజిస్ట్రీ 2011 మార్చి 31 నుంచి పనిచేస్తోంది. బ్యాంకులూ హౌసింగ్ ఫైనాన్స్ కంపెనీలూ తనఖాలను అక్కడ నమోదు చేస్తాయి. ఎవరైనా నామమాత్రపు ఫీజు కట్టి ఆస్తి వివరాలతో వెతకొచ్చు. మీ కేసులో 2014 తనఖా సెర్సాయ్‌లో కనిపించి తీరినట్టు నమోదై ఉంటే, అది నో డ్యూ లెటర్‌కు గట్టి ఊతం. ఇంకా నడుస్తున్నట్టు చూపిస్తే ఓనర్ మాట అక్కడే తేలిపోతుంది. ఏమీ దొరకకపోతే మాత్రం దాన్నిబట్టి ఏ నిర్ణయానికీ రాకండి. ప్లాటు నంబరు బదులు ఇంటి నంబరుతో నమోదు చేసి ఉండొచ్చు, ఊరి పేరు వేరే స్పెల్లింగుతో ఉండొచ్చు. 2009 తనఖా అయితే సెర్సాయ్ పుట్టక ముందుది. ఊళ్లో వడ్డీకిచ్చేవాళ్ల దగ్గర కాగితాలు కుదువ పెట్టినవి అక్కడికి చేరవు. అందుకే ఎటు తిరిగినా మళ్లీ ఒరిజినల్ దగ్గరికే రావాలి. లోన్ ఇచ్చినవాడెవడూ ఒరిజినల్‌ని ఓనర్ చేతిలో ఉంచడు.

ఓనర్ ఇచ్చిన ఈసీని నమ్మి ఊరుకోకుండా మీరు స్వయంగా తీయండి. తెలంగాణలో registration.telangana.gov.inలోనూ, ఆంధ్రప్రదేశ్‌లో registration.ap.gov.inలోనూ 1983 జనవరి 1 నుంచి ఉన్న ఎంట్రీలు చూడొచ్చు. అంతకు ముందువి కావాలంటే ఆఫీసులో చేత్తో వెతికించాలి. సైట్లో వెతికినప్పుడు దొరికిన డాక్యుమెంట్ల జాబితా వస్తుంది, వాటిలో కావాల్సినవాటికి టిక్ పెట్టుకుని స్టేట్‌మెంట్ తీసుకునే వీలుంటుంది. అంటే మీ చేతికొచ్చిన ప్రింటులో ఎన్ని ఎంట్రీలు ఉండాలన్నది దాన్ని తీసినవాడి ఇష్టం మీద కూడా ఆధారపడుతుంది. మీరు తీసేటప్పుడు అన్నింటికీ టిక్ పెట్టండి.

వెతికే తీరు కూడా ఒక్కటే సరిపోదు. ఈసీ మీరిచ్చిన వివరాలకే జవాబిస్తుంది. పై నమూనాలోలాగే 1996 డీడ్‌లో ఇది సర్వే నంబరు 118లో 47వ ప్లాటు అనుకోండి. ఇల్లు కట్టాక పంచాయతీ ఒక ఇంటి నంబరు ఇచ్చింది, ఆ తర్వాత మున్సిపాలిటీ ఇంకోటి ఇచ్చింది. 2014 తర్వాత ఎవరైనా కొత్త ఇంటి నంబరుతో మాత్రమే ఇంకో తనఖా రాసి ఉంటే, ప్లాటు నంబరుతో వెతికితే అది బయటపడకపోవచ్చు. కాబట్టి 2004 డాక్యుమెంట్ నంబరుతో ఒకసారి, సర్వే నంబరు ప్లాటు నంబరుతో ఒకసారి, పాతదీ కొత్తదీ ఇంటి నంబర్లతో ఒకసారి వెతకండి. ఆ ఊరు మధ్యలో ఒక సబ్‌రిజిస్ట్రార్ ఆఫీసు నుంచి ఇంకో ఆఫీసు పరిధిలోకి మారి ఉంటే, పాత కాలానికి పాత ఆఫీసు పేరుతో కూడా చూడండి. వచ్చిన ప్రతి ఎంట్రీలో విస్తీర్ణం 200 గజాలే ఉందా, నాలుగు హద్దులూ కలుస్తున్నాయా అని సరిచూడండి. ఒక డీడ్‌లో 200 గజాలు, ఇంకోదాంట్లో 180 అని ఉంటే, ఆ 20 గజాలు రోడ్డుకు పోయాయో, పక్కవాడికి అమ్మారో దస్తావేజు చదివితేగానీ తెలియదు. రిలీజ్ విషయంలో విస్తీర్ణం మరీ ముఖ్యం. తనఖా 200 గజాలకు పెట్టి విడుదల 150 గజాలకు ఇస్తే, మిగతా 50 గజాలు ఇంకా తనఖాలో ఉన్నట్టే.

ప్లాటు లేఅవుట్‌లోదైతే ఇంకో రకం తనఖా ఎంట్రీ కనిపించవచ్చు. లేఅవుట్ వేసినవాడు రోడ్లు, డ్రైనేజీ పూర్తిచేస్తాడన్న హామీగా కొన్ని ప్లాట్లను హెచ్‌ఎండీఏ లాంటి సంస్థ పేరున తనఖా పెడతాడు. అది అప్పు కాదు. కానీ ఆ సంస్థ విడుదల చెయ్యకముందు ఆ ప్లాటు అమ్మడానికి వీల్లేదు. ME వైపు బ్యాంకు బదులు ఆ సంస్థ పేరుంటే, విడుదల కూడా ఆ సంస్థ దగ్గర్నుంచే వచ్చిందా అని చూడాలి.

ఇప్పుడు మీరు అడగని ఆరో ఎంట్రీ. 2021లో తండ్రి కొడుక్కి గిఫ్ట్ ఇచ్చాడు. అప్పటికి 2014 తనఖా తెరిచే ఉండి ఉంటే, కొడుక్కి వచ్చింది తనఖాతో కూడిన ఆస్తే. గిఫ్ట్ ఇచ్చినంతమాత్రాన బ్యాంకు హక్కు పోదు. అదలా ఉంచితే ఈసీలో "గిఫ్ట్" అన్న ఒక్క మాటే ఉంటుంది, లోపలి షరతులు కనిపించవు. 'నా జీవితాంతం ఇందులో నివసించే హక్కు నాది', 'కొడుకు నన్నూ నా భార్యనూ పోషించాలి' అని తండ్రి రాసుకుని ఉండొచ్చు. మొదటిదైతే ఆయన బతికున్నంతకాలం మీరు ఆ ఇంట్లో అడుగుపెట్టలేరు. రెండోదైతే, 2007 నాటి వృద్ధుల సంక్షేమ చట్టం కింద కొడుకు చూడట్లేదని తండ్రి ట్రిబ్యునల్‌కి వెళ్లి గిఫ్ట్‌ను రద్దు చేయించుకునే దారి ఉంది. తనఖా అన్న పేరు లేకుండా ఆస్తి మీద ఉండే భారాలు ఇలాంటి చోట్లే దాక్కుంటాయి. పాత సేల్ డీడ్‌లో 'మిగతా సొమ్ము ఆరు నెలల్లో ఇస్తాం' అని రాసుకుంటే, ఆ బకాయికి అమ్మినవాడికి ఆస్తి మీద చార్జీ ఉంటుంది. భాగపంపిణీ దస్తావేజులో తల్లికి మనోవర్తి ఈ ఇంటి మీద పెట్టి ఉండొచ్చు. కాబట్టి 2021 డీడ్ సర్టిఫైడ్ కాపీ కూడా తీయించండి. తండ్రి జీవించి ఉంటే మీ సేల్ డీడ్‌లో ఆయన్ని కూడా సంతకం చెయ్యమనండి. నేనైతే ఈ కేసులో దాన్ని ఐచ్ఛికంగా వదలను.

తేదీల దగ్గర ఒక చిక్కుంది. ప్రతి ఎంట్రీలో మూడు తేదీలున్నాయి చూశారుగా. E రాసిచ్చిన తేదీ, P ఆఫీసులో దాఖలు చేసిన తేదీ, R రిజిస్టరైన తేదీ. రాసిన నాలుగు నెలల్లోపు దాఖలు చెయ్యొచ్చని చట్టం. రిజిస్టరయ్యాక అది రాసిన తేదీ నుంచే చెల్లుతుంది. అంటే మీరు ఇవాళ ఈసీ చూస్తే ఏమీ లేకపోవచ్చు. ఓనర్ నిన్ననే ఇంకొకరికి తనఖా దస్తావేజు రాసిచ్చి ఉంటే, అది వచ్చే నెల రిజిస్టరై మీ సేల్ డీడ్ కంటే ముందుదిగా నిలబడవచ్చు. దీనికి పూర్తి రక్షణ ఈసీలో లేదు. అగ్రిమెంట్‌కి ముందు ఒకసారి, రిజిస్ట్రేషన్ రోజు పొద్దున ఇంకోసారి ఈసీ తీసి కొత్త ఎంట్రీ ఏదైనా పడిందేమో చూడండి. 'ఈ ఆస్తి మీద ఇంకే దస్తావేజూ రాయలేదు, అలాంటిది బయటపడితే నష్టమంతా నాదే' అని ఓనర్ చేత సేల్ డీడ్‌లో స్పష్టంగా రాయించండి.

ఇక మీ కేసు ఎలా నడపాలో చెప్తాను. కాపీలు, నో డ్యూ లెటర్, ఒరిజినల్ మూడూ కుదిరి, 2014కి రిలీజ్ డీడ్ ఒక్కటే తక్కువైతే, ముందు ఆ రిలీజ్ రిజిస్టర్ చేయించి, ఆ ఎంట్రీ ఈసీలో 2014 తనఖా నంబరుకు లింకుతో కనిపించాకే అగ్రిమెంట్ రాసుకోండి. డీడ్‌లో రెండు నంబర్లూ ఉండి ఈసీలో లింక్ మాత్రం తప్పుగా పడితే, సర్టిఫైడ్ కాపీ జతచేసి సబ్‌రిజిస్ట్రార్‌కు సవరణకు అర్జీ పెట్టమని ఓనర్‌తో చెప్పండి. మీరు రేపు హోమ్ లోన్‌కు వెళ్తే మీ బ్యాంకు లాయరు అడిగే మొదటి ప్రశ్న అదే.

2014 లోన్ ఇంకా నడుస్తోందని తేలినా ఇల్లు వదులుకోనక్కర్లేదు. లోన్ ఉన్న ఇళ్లు రోజూ అమ్ముడవుతూనే ఉంటాయి. అప్పుడు డబ్బు ఓనర్ చేతికి వెళ్లకూడదు. బ్యాంకు నుంచి ఫలానా తేదీకి ఇంత కడితే అకౌంట్ మూసేసి ఒరిజినల్స్ ఇస్తామన్న ఫోర్‌క్లోజర్ లెటర్ తెప్పించండి. ఆ మొత్తానికి ఆ లోన్ అకౌంట్ నంబరు వేసి బ్యాంకు పేరునే డీడీ తీయండి. దాన్ని సేల్ అగ్రిమెంట్‌లో అడ్వాన్స్‌గా చూపించండి. ఆ అగ్రిమెంట్ రిజిస్టర్ చేయించుకుంటే మీ హక్కు కూడా ఈసీలో కనిపిస్తుంది. డీడీ కట్టాక బ్యాంకు రిలీజ్ డీడ్ రిజిస్టర్ చేస్తుంది, ఒరిజినల్స్ మీ ఎదుటే తీసుకోవాలి. మీ సేల్ డీడ్ ఆ తర్వాతే. రిలీజ్, సేల్ రెండూ ఒకే రోజు పెట్టుకున్నా, ముందు రిలీజ్ డీడ్‌కు డాక్యుమెంట్ నంబరు పడిందని చూశాకే మిగతా సొమ్ము ఇవ్వండి.